పేజీ రేటు వెనక లెక్క

పుస్తకం వేయించుకునేవారు డీటీపీ చేసేవారిని మొట్టమొదట అడిగేది "పేజీకెంత?" అని. దానికి జవాబు చెప్పేముందు అది ఏ పేజీయో తేల్చుకోవాలి. తర్వాత వచ్చే తగాదాలు చాలావరకు ఇక్కడే పుడతాయి.

డెమ్మీ 1/8 సైజు కథల పుస్తకం ఒకటి తీసుకుందాం. పేజీలో మ్యాటరు ఎత్తు ఏడంగుళాలు, అంటే 504 పాయింట్లు. లైన్ల మధ్య లీడింగ్ 21 పెడితే పేజీకి 24 లైన్లు పడతాయి, 18 పెడితే 28. మొత్తం 4,608 లైన్లుంటే మొదటి లెక్కన 192 పేజీలు, రెండో లెక్కన 165. రేటు 30 రూపాయలనుకుంటే ఒకచోట 5,760, మరోచోట 4,950. టైపు చేసిన శ్రమ మాత్రం ఒక్కటే! అందుకే సైజు, ఫాంటు, పాయింటు, లీడింగ్ ఖాయం చేసుకుని, రెండు నమూనా పేజీలు చూశాకే రేటు మాట్లాడుకోవాలి. 16 పేజీలు ఒక ఫారం కాబట్టి ప్రచురణకర్తకు లీడింగ్ తగ్గించాలనే అనిపిస్తుంది. మరీ బిగిస్తే 'రాష్ట్రం' లాంటి మాటల్లో ఒత్తులు కిందిలైను గుడులకు తగులుతాయి. చదివేవాళ్ల కళ్లకు అది నరకం.

రచయితే యూనికోడ్‌లో టైపు చేసి పంపితే టైపింగ్ రేటు తీసేసి, పేజీలు కట్టినందుకే ఇవ్వడం న్యాయం. కానీ పని సున్నా కాదు. పేజ్‌మేకర్‌కు యూనికోడ్ తెలియదు. దాంతో పనిచేసే చోట మ్యాటరును అను ఫాంట్లలోకి మార్చాలి. ఆ ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలను కూర్చుకుంటాయి. అందువల్ల వాక్యం మధ్యలో ఉన్న ఇంగ్లిష్ మాట అర్థంలేని తెలుగు ముక్కలైపోతుంది. 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అవుతుంది. మార్చిన మ్యాటరుకు మొదటి ప్రూఫు చూసేటప్పుడు అసలు ప్రతి పక్కన ఉండాల్సిందే. ఇన్‌డిజైన్‌లో అయితే యూనికోడ్ నేరుగా నడుస్తుంది, భారతీయ లిపుల కంపోజర్ ఎంచుకోవడం మరవకూడదు.

ప్రూఫులు ఎన్నిసార్లో కూడా ముందే అనుకోవాలి. అక్షరదోషాలు దిద్దడం రేటులో భాగమే. పేజీలు కట్టాక రచయిత పన్నెండో పేజీలో నాలుగు లైన్లు చేరిస్తే ఆ కథ చివరిదాకా మ్యాటరు జరుగుతుంది. కథ ఒక పేజీ పెరిగిందంటే విషయసూచిక అంకెలూ మారతాయి. దానికి విడిగా డబ్బు అడగడం తప్పు కాదు.

చివరికి చేతికొచ్చేది ఏ ఫైలు? ప్రెస్సుకు ఫాంట్లు ఇమిడిన పీడీఎఫ్ చాలు. రెండో ముద్రణకు అది చాలదు. బొమ్మలు పేజీ ఫైల్లో ఉండవు, లింకులుగా బయట ఉంటాయి. అందుకని తెరిచి దిద్దుకోగల అసలు ఫైలు, బొమ్మల ఫోల్డరు, వాడిన ఫాంట్ల పేర్లు ఒకేచోట పెట్టి తీసుకోవాలి. అసలు ఫైలు ఇవ్వడం పేజీ రేటులో కలిసిందో లేదో మొదటిరోజే కాగితం మీద రాసుకోవాలి.