మిడి ఫైల్‌కు గొంతునివ్వడం

కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలకు ముత్తుస్వామి దీక్షితుల నోట్టుస్వరాలు చెప్పడం పరిపాటి. శంకరాభరణంలో సాగే ‘శక్తి సహిత గణపతిం’ వాటిలో బాగా ప్రచారంలో ఉన్నది. పాశ్చాత్య బాణీల పద్ధతిలో, గమకాలు పెద్దగా లేకుండా తిన్నగా నడిచే రచనలివి. కంప్యూటర్ చేత పలికించడానికి ఇంతకన్నా అనువైనవి దొరకవు.

ఉచితంగా దొరికే మ్యూజ్‌స్కోర్‌లో స్వరాలు ఎక్కించి మిడి ఫైల్‌గా దాచుకున్నారనుకుందాం. ఆ ఫైల్‌లో శబ్దం ఉండదు. ఏ స్వరం ఎప్పుడు మొదలవ్వాలి, ఎంతసేపు నిలవాలి, ఎంత బలంగా పలకాలి, ఏ వాద్యం మీద పలకాలి అన్న ఆదేశాలే ఉంటాయి. వాద్యం పేరు చెప్పకపోతే సాధారణంగా అంతా పియానోలోనే వినిపిస్తుంది. అసలు వాద్యాలను రికార్డు చేసిన శబ్దపు ముక్కలు, అంటే శాంపిళ్లు, సౌండ్‌ఫాంట్ అనే మరో ఫైల్‌లో ఉంటాయి. ఈ రెంటినీ కలిపి పాటగా మార్చే ఉచిత ప్రోగ్రామ్ ఫ్లూయిడ్‌సింథ్.

```
fluidsynth -ni -g 0.5 -r 44100 -F paata.wav FluidR3_GM.sf2 paata.mid
```

ఇందులో `-g` తర్వాతి అంకె శబ్దం మోతాదు. అది ఎక్కువైతే గట్టి స్వరాల దగ్గర గరగర వస్తుంది. వచ్చిన ఫైల్‌ను ఆడాసిటీలో తెరిస్తే తరంగాల కొనలు పైన కోసేసినట్టు చదునుగా కనిపిస్తాయి. అప్పుడు 0.5ను 0.3కు దించి మళ్లీ తీయాలి. తర్వాత వాల్యూమ్ తగ్గించినంత మాత్రాన ఆ గరగర పోదు.

అసలు పని వాద్యాన్ని ఎంచుకోవడంలో ఉంది. 1991లో వచ్చిన జనరల్ మిడి పట్టికలో 128 వాద్యాలున్నాయి. సితార్ 105, షెహనాయి 112. వీణ లేదు, తంబురా లేదు, మృదంగమూ లేదు. పట్టిక 1 నుంచి లెక్కిస్తే ఫైల్ లోపల లెక్క 0 నుంచి మొదలవుతుంది. అందుకే 74వ నంబరు ఫ్లూట్ అడిగితే ఒక్కోసారి పక్కనున్న రికార్డర్ పలుకుతుంది. వాద్యం మారిందనిపిస్తే ముందు చూడవలసింది ఈ ఒక్క అంకె తేడానే.

మన పాటకు ఫ్లూట్ పెడదామా, వయొలిన్ పెడదామా? షడ్జమాన్ని మిడిల్ సి మీద, అంటే 60వ నంబరు స్వరం మీద ఉంచితే ఫ్లూట్‌కు అదే దాదాపు అడుగు. అంతకు కింద మంద్ర స్థాయి స్వరం వచ్చిందంటే సౌండ్‌ఫాంట్ పై స్వరపు శాంపిల్‌నే సాగదీసి పలికిస్తుంది. ఏ వేణువూ అలా పలకదు కాబట్టి చెవి వెంటనే పట్టేస్తుంది. పాటను 12 స్వరస్థానాలు పైకి జరిపితే ఫ్లూట్ సొంత గొంతుతో పలుకుతుంది. వయొలిన్ 55 దాకా దిగగలదు కాబట్టి దానికి అంత ఇబ్బంది లేదు. పేరు చూసి ‘స్ట్రింగ్ ఎన్‌సెంబుల్’ మాత్రం పెట్టకండి. అది నెమ్మదిగా ఉబికివచ్చే శబ్దం, నిలిపిన స్వరాలకు బాగుంటుంది. వడిగా నడిచే చోట ఒక స్వరం పూర్తిగా లేచేలోపే తర్వాతిది వచ్చిపడి అంతా అలుక్కుపోతుంది. నా ఓటు పై స్థాయిలో ఫ్లూట్‌కే.

తంబురాకు సితార్ శబ్దం పనికొస్తుంది. 55, 60, 60, 48 స్వరాలను వరుసగా, నిదానంగా, తక్కువ బలంతో మీటించాలి. ఫ్లూట్ వెనక అది శ్రుతిలా ఒదుగుతుంది.

ఇంత చేసినా యంత్రం వాయించినట్టే ఉందంటే, స్వరాల బలాలన్నీ ఒక్కటిగా ఉన్నాయేమో చూడండి. ఆ బలాన్ని వెలాసిటీ అంటారు. 1 నుంచి 127 దాకా ఉంటుంది. మూడేసి దెబ్బల నడకలో మొదటిదానికి 92, మిగతా రెంటికి 74, 80 ఇచ్చి వినండి, నడక తెలుస్తుంది. మంచి సౌండ్‌ఫాంట్‌లో మెల్లగా వాయించిన, గట్టిగా వాయించిన శాంపిళ్లు వేర్వేరుగా ఉంటాయి. అలాంటప్పుడు వెలాసిటీ మారితే శబ్దపు గట్టిదనంతో పాటు దాని రంగు కూడా మారుతుంది. చరణం చివర స్వరాన్ని కాస్త ముందే ఆపితే వాయించేవారు ఊపిరి తీసుకున్నట్టుంటుంది.

మృదంగం బదులు 10వ చానెల్‌లోని కాంగా డ్రమ్ములు పెట్టవచ్చుగానీ గుమికి పలకదు, నేనైతే వదిలేస్తాను. గమకాలతో నిండిన తోడి కృతిని ఈ పద్ధతిలో పలికించబోతే ప్రతి కంపితానికీ పిచ్ బెండ్ గీతను చేత్తో గీయాలి. అంత శ్రమపడ్డా విద్వాంసుడి వాయిద్యానికి అది సాటిరాదు. ముందు ఒక నోట్టుస్వరంతో మొదలుపెట్టండి, వాద్యం మార్చిన ప్రతిసారీ హెడ్‌ఫోన్ పెట్టుకుని పాట మొదటి నుంచీ వినండి.