బాకీ రోజులు తగ్గితే ఎంత మిగులుతుంది?

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే మెయిళ్లలో ఆటోమేటిక్ రిమైండర్లు, డ్యాష్‌బోర్డు, వాట్సాప్‌లో బిల్లు వంటి ఫీచర్ల జాబితా ఉంటుంది. అకౌంట్స్ సిబ్బందికి అవి నచ్చవచ్చు. డబ్బు మంజూరు చేసే ఫైనాన్స్ హెడ్ మాత్రం నగదు ఎంత ముందుగా చేతికొస్తుందో, బ్యాంకు వడ్డీ ఎంత తగ్గుతుందో చూస్తారు. రిమైండర్‌ను ఆ లెక్కలోకి తెచ్చేది బాకీ వసూలుకు పట్టే రోజుల సంఖ్య.

ఏడాదికి 73 కోట్ల అమ్మకాలున్న ప్యాకేజింగ్ కంపెనీ ఒకటుందనుకుందాం. బ్యాలెన్స్ షీటులో కస్టమర్ల నుంచి రావలసింది 15 కోట్లు. దాన్ని అమ్మకాలతో భాగించి 365తో గుణిస్తే 75 రోజులు వస్తుంది. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. రావలసిన బాకీలో జీఎస్టీ కలిసి ఉంటుంది, అమ్మకాల అంకెలో ఉండదు. 18 శాతం జీఎస్టీని అమ్మకాలకూ కలిపి చూస్తే అసలు వ్యవధి సుమారు 64 రోజులే. మెయిల్‌లో 75 అని రాస్తే, ఫైనాన్స్ హెడ్‌కు ఆ తప్పు మొదటి చూపులోనే దొరుకుతుంది.

కంపెనీ ఇచ్చే గడువు 45 రోజులైతే, మిగతా 19 రోజులు జాప్యం. అందులో సాఫ్ట్‌వేర్ తగ్గించగలిగేది కొంతే. సరుకు వెళ్లాక బిల్లు ఆలస్యంగా పంపడం, గడువు దాటినా ఎవరూ అడగకపోవడం దాని చేతిలో ఉన్నవి. కస్టమర్ దగ్గర డబ్బే లేకపోతే ఏ రిమైండరూ పనిచేయదు. కాబట్టి 5 రోజులు తగ్గుతాయనడం సబబు. జీఎస్టీ పక్కనపెడితే రోజు అమ్మకం 20 లక్షలు గనుక, 5 రోజులకు కోటి రూపాయలు ముందుగా చేతికొస్తాయి.

ఆ కోటిని ‘ఆదా’ అని రాయకూడదు. అది ఒక్కసారి విడుదలయ్యే కంపెనీ సొంత డబ్బే. క్యాష్ క్రెడిట్ ఖాతాపై వడ్డీ 10 శాతమైతే, ఏటా నిజంగా మిగిలేది 10 లక్షలు. సాఫ్ట్‌వేర్ ధర ఏటా 3 లక్షలైతే నికరం 7 లక్షలు. అసలు అప్పే లేని కంపెనీ అయితే వడ్డీ ఆదా మాట ఎత్తకూడదు, ఆ డబ్బు డిపాజిట్‌లో తెచ్చే రాబడి లెక్క చెప్పాలి. ‘నెలకు 40 గంటల పని తగ్గుతుంది’ అన్న వాక్యమూ అంతగా పనికిరాదు. జీతాల ఖర్చు తగ్గకపోతే ఆ గంటలు లాభనష్టాల ఖాతాలో ఎక్కడా కనిపించవు.

అప్పుడు మెయిల్ ఇలా కుదురుతుంది: “మీ వార్షిక లెక్కల ప్రకారం, జీఎస్టీ సర్దాక, వసూలుకు సుమారు 64 రోజులు పడుతున్నట్టుంది. బిల్లు అదే రోజు వెళ్లి, గడువుకు ముందే గుర్తుచేస్తే 5 రోజులు తగ్గవచ్చు. అంటే కోటి రూపాయల నగదు, 10 శాతం వడ్డీ మీద ఏటా 10 లక్షలు. మీ వడ్డీ రేటు వేరైతే చెప్పండి, లెక్క మార్చి పంపుతాం.” ఫీచర్లు ఒక్క వాక్యంలో సర్దుకున్నాయి.

ఈ అంకెలకు ఎవరినీ అడగనక్కర్లేదు. కంపెనీల రిజిస్ట్రార్‌కు సమర్పించిన వార్షిక లెక్కలను రుసుము కట్టి చూడవచ్చు. బాకీలు ఎంత పాతవో చూపే పట్టిక కూడా 2021 ఏప్రిల్ నుంచి వాటిలో తప్పనిసరి. 5 రోజుల అంచనాకు మాత్రం పాత కస్టమర్ల వసూళ్ల లెక్కలే ఆధారం కావాలి. అవి చూపించలేని పక్షంలో ఆ అంకెను మెయిల్‌లో పెట్టకపోవడమే మేలు.