నాలుగు ఆర్డర్ల వెనుక ఏముంది?

సేల్స్ మేనేజర్ ఇంటర్వ్యూలో తప్పక వచ్చే ప్రశ్న: "మీ టీమ్‌లో ఒకరు వెనకబడితే ఏం చేస్తారు?" "మోటివేట్ చేస్తాను" అంటే సరిపోదు. అంకెలు విప్పి చూపాలి.

ఇళ్లపై సోలార్ ప్యానెళ్లు అమ్మే టీమ్ అనుకుందాం. టార్గెట్ నెలకు ఎనిమిది ఆర్డర్లు. మిగతావాళ్లు సగటున 20 ఇళ్లకు వెళ్లి, 16 కొటేషన్లిచ్చి, ఎనిమిది ఆర్డర్లు తెస్తున్నారు. ఈ కుర్రాడు 22 ఇళ్లు తిరిగినా ఇచ్చిన కొటేషన్లు ఎనిమిదే, ఆర్డర్లు నాలుగు. అంటే కష్టపడట్లేదనడం అన్యాయం. కొటేషన్లలో సగం ఆర్డర్లవుతున్నాయి కాబట్టి బేరం కుదర్చడమూ వచ్చు. తేడా అంతా ఇంటికి వెళ్లడానికీ కొటేషన్‌కూ మధ్యే.

అది ఎందుకో అంకెలు చెప్పవు. రెండు రోజులు అతని వెంట తిరగాలి. కరెంటు బిల్లు చూడకుండా ఎన్ని కిలోవాట్లు కావాలో తేల్చలేరు. అతను వెళ్లేసరికి బిల్లు దొరకదు, "తర్వాత పంపుతాం" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. ఇకపై బయల్దేరేముందే వాట్సాప్‌లో బిల్లు తెప్పించుకోమనాలి.

టార్గెట్ కూడా ఆర్డర్ల మీద కాదు, అతని చేతిలో ఉన్న కొటేషన్ల మీదే పెట్టాలి: నాలుగు వారాలు, వారానికి రెండు బదులు మూడు. అదే సగం లెక్క నిలిస్తే ఆరు ఆర్డర్లు. కొటేషన్లు పెరిగినా ఆర్డర్లు నాలుగు దగ్గరే ఆగితే, లెక్క కోసం కొనని వాళ్లకూ ఇస్తున్నాడేమో చూడాలి. ఒక్క నెల చూసి తీర్పు మాత్రం చెప్పకూడదు.