రూటరును అప్పగించే ముందు

అమీర్‌పేటలో కోచింగుల కోసం వచ్చిన పిల్లలు కొన్నాళ్ళకోసారి గది మారుతూ ఉంటారు. మంచాలు, కుక్కర్లు వెంట పట్టుకుపోతారు గాని, ఇంటర్నెట్ రూటరు కంపెనీ సొత్తయితే దాన్ని తిరిగి అప్పగించవలసిందే. ఆ చిన్న పెట్టె ఇంటి గుట్టును కడుపులో పెట్టుకుపోతుందన్న సంగతి చాలామందికి తట్టదు.

పంజాగుట్టలో మా తమ్ముడు కొత్త కనెక్షను పెట్టించుకున్నాడు. కంపెనీ కుర్రవాడు తెచ్చిన రూటరు ఎవరో వాడి ఇచ్చినదే. స్విచ్చి వేయగానే ఫోనులో మరెవరి ఇంటిపేరో కనిపించింది. అడుగున అంటించిన చీటీమీది పాస్‌వర్డుతోనే లోపలి పేజీ తెరుచుకుంది. వారి వై-ఫై పాస్‌వర్డు, కనెక్షను యూజర్‌నేము అలాగే ఉన్నాయి. వారి పిల్లవాడి ఫోనుకు రాత్రి పది దాటితే ఇంటర్నెట్ రాకుండా పెట్టిన కట్టడి సైతం, పేరుతో సహా ఉంది! ముక్కూ మొగం తెలియని ఇంట్లోకి తొంగిచూసినట్టయింది మాకు.

కరెంటు తీసేస్తే అన్నీ పోవా అంటారేమో. పోవు. ఎవరెప్పుడు కలిశారన్న చిట్టా సాధారణంగా తాత్కాలిక జ్ఞాపకంలో ఉంటుంది గనుక కరెంటుతో పాటే పోతుంది. పాస్‌వర్డులూ, కట్టడులూ మాత్రం శాశ్వత జ్ఞాపకంలో ఉంటాయి; ఏళ్ళ తరబడి అటకమీద పడేసినా చెక్కుచెదరవు. పెద్ద కంపెనీలదీ ఇదే తంతు. ఈసెట్ అనే భద్రతా సంస్థ వాడేసిన ఆఫీసు రూటర్లు 18 కొని చూసి, వాటిలో సగం పాత యజమానుల వివరాలతోనే ఉన్నాయని 2023లో వెల్లడించింది.

తుడిచే పద్ధతి సులువే. కనెక్షను రద్దయిందని రూఢి చేసుకున్నాకనే మొదలుపెట్టండి. యూజర్‌నేము కూడా చెరిగిపోతుంది మరి. ముందుగా బయటినుంచి వచ్చే తీగ ఊడదీయండి, కరెంటు మాత్రం ఉంచండి. తీగ ఉంటే, దూరాన్నుంచే రూటర్లను సరిచేసే కంపెనీ యంత్రం పాత అమరికలను మళ్ళీ దింపే అవకాశముంది. ఆపైన `RESET` అని రాసి ఉన్న చిల్లులో పిన్నీసు మొన పెట్టి, దీపాలన్నీ ఒక్కసారి ఆరి వెలిగేదాకా, అంటే పది పదిహేను సెకండ్లు, నొక్కి పట్టాలి. తటాలున నొక్కి వదిలేస్తే చాలా రూటర్లు మళ్ళీ మొదలవుతాయే గాని ఏమీ మరచిపోవు. పక్కనున్న `WPS` మీట వేరు, దానితో పొరబడకండి.

అయిదు నిమిషాలాగి ఫోనులో చూడండి. మీరు పెట్టిన పేరు మాయమై, చీటీమీది పేరు కనిపిస్తే పని అయినట్టే. పాత పేరే పలకరిస్తే మళ్ళీ నొక్కాలి. వెనక పెన్‌డ్రైవు గుచ్చి ఉంటే తీసుకోండి. రీసెట్టు దాన్ని ముట్టదు.

మీ చిరునామా, కనెక్షను వాడకపు లెక్కలు కంపెనీ దగ్గర వేరే ఉంటాయి. వాటిని ఈ పిన్నీసు చెరపలేదు.