ఒకే లెక్క నలభైసార్లు

విజయవాడ కేంద్రంగా నడిచే ఒక పార్శిల్ సర్వీసు ఉందనుకుందాం. రెండు రాష్ట్రాల్లో కలిపి నలభై బ్రాంచీలు. పొద్దున తొమ్మిదింటికి షట్టర్ ఎత్తి కంప్యూటర్ ఆన్ చేయగానే నలభై మంది మేనేజర్లూ తెరిచే పేజీ ఒకటే. గత ముప్ఫై రోజుల్లో ఏ బ్రాంచిలో ఎన్ని పార్శిళ్లు ఆలస్యంగా చేరాయో చూపించే డాష్‌బోర్డు అది. దాన్ని మూసేవాళ్లుండరు. సాయంత్రం దాకా స్క్రీన్ మీద అలాగే ఉంటుంది, ముప్ఫై సెకన్లకోసారి తనంతట తానే రిఫ్రెష్ అవుతూ.

తెర మీద కనిపించేది ఒక బార్ చార్టే. దాని వెనక మాత్రం డేటాబేస్ లక్షల వరుసలు తిరగేసి, డెలివరీ తేదీని మాట ఇచ్చిన తేదీతో పోల్చి, బ్రాంచీల వారీగా కూడాలి. ఆ క్వెరీకి నాలుగు సెకన్లు పడుతుందనుకుందాం. నలభై మంది, నిమిషానికి రెండేసి రిఫ్రెష్‌లు అంటే నిమిషానికి ఎనభై క్వెరీలు, మూడు వందల ఇరవై సెకన్ల పని. నిమిషంలో ఉండేది అరవై సెకన్లే కాబట్టి ఈ ఒక్క చార్టు కోసమే సర్వర్‌లో ఐదుకు పైగా ప్రాసెసర్ కోర్లు ఊపిరి సలపకుండా తిరగాలి. పేజీలో అలాంటివి ఆరు చార్టులుంటే ముప్ఫై రెండు కోర్లు కావాలి. ఇంత చేసీ ఎనభైసార్లూ వచ్చే జవాబు దాదాపు ఒకటే.

డేటాబేసే ఈ జవాబును గుర్తుపెట్టుకోకూడదా అని ఎవరికైనా అనిపిస్తుంది. పోస్ట్‌గ్రెస్ అలా పెట్టుకోదు. డిస్కు నుంచి చదివిన పేజీలను మెమరీలో ఉంచుకుంటుంది కాబట్టి రెండోసారి డిస్కు పని తగ్గుతుంది గానీ కూడికలు మాత్రం మళ్లీ మొదటి నుంచీ చేస్తుంది. మై ఎస్‌క్యూఎల్‌లో ఒకప్పుడు ‘క్వెరీ క్యాష్’ ఉండేది. జవాబులను అదే దాచిపెట్టి, అదే క్వెరీ మళ్లీ వస్తే తీసి ఇచ్చేది. కానీ దాని నియమం చాలా కఠినం. ఒక టేబుల్లో ఒక్క వరుస మారినా సరే, ఆ టేబుల్‌కు సంబంధించి దాచిన జవాబులన్నిటినీ పారేసేది. మన పార్శిల్ టేబుల్లో సెకనుకో కొత్త బుకింగ్ పడుతుంటే ఇక దాచినదేముంటుంది? పైగా ఆ దాపుడు వ్యవస్థకున్న తాళం కోసం కోర్లన్నీ ఒకదాన్నొకటి తోసుకోవడంతో, పెద్ద సర్వర్ల మీద అదే అడ్డంకిగా మారింది. 2018లో వచ్చిన 8.0 వెర్షన్‌లో దాన్ని పూర్తిగా తీసేశారు. నన్నడిగితే మంచి పనే చేశారు. ఒక జవాబు ఎంత పాతబడినా ఫరవాలేదో డేటాబేస్‌కు తెలియదు. ఆలస్యమైన పార్శిళ్ల లెక్క నిమిషం పాతదైతే మేనేజర్‌కు వచ్చే నష్టమేమీ లేదన్న సంగతి ఆ డాష్‌బోర్డు కట్టినవాళ్లకే తెలుసు.

అందుకే జవాబులు దాచే పని డేటాబేస్ బయట, దానికీ డాష్‌బోర్డుకూ మధ్యలో జరుగుతుంది. రెడిస్ లాంటి మెమరీ స్టోర్ ఒకటి పెడతారు. క్వెరీ రాగానే సర్వర్ ముందు అక్కడ వెతుకుతుంది. దొరికితే ఇచ్చేస్తుంది. దొరక్కపోతే డేటాబేస్‌ను అడిగి, వచ్చిన జవాబును ఒక పేరుతో, అరవై సెకన్ల గడువుతో అక్కడ పెడుతుంది. ఆ పేరునే కీ అంటారు. చెప్పడానికి ఇంతే, రాయడానికి కూడా పది లైన్లు చాలు. పనిచేస్తుందా లేదా అన్నది మాత్రం ఆ కీ ఎలా తయారవుతుందన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఎందుకంటే ఇద్దరు అడిగింది ఒకటే ప్రశ్న అని యంత్రానికి తెలిసేది కీలు ఒకటైతేనే.

ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. గుంటూరు మేనేజరూ కర్నూలు మేనేజరూ ఇద్దరూ నొక్కింది ‘గత ముప్ఫై రోజులు’ అనే బటనే. కానీ డాష్‌బోర్డు సాఫ్ట్‌వేర్లు చాలావరకు ఆ మాటను అసలు తేదీ, సమయంగా మార్చి మరీ క్వెరీలో రాస్తాయి. గుంటూరులో తొమ్మిది గంటల మూడో సెకనుకు తెరిస్తే, కర్నూలులో ఏడో సెకనుకు తెరిచారు. సర్వర్‌కు చేరినవి ఇవి:

```sql
WHERE delivered_at >= '2025-05-03 09:00:03.412'
WHERE delivered_at >= '2025-05-03 09:00:07.085'
```

క్వెరీ పాఠం నుంచే కీ తయారు చేస్తే ఇవి రెండు వేర్వేరు కీలు. నలభై మందికి నలభై జవాబులు దాచిపెడతాం, ఏ ఒక్కటీ రెండోవారికి పనికిరాదు. రెడిస్ మెమరీ నిండుతుంది, డేటాబేస్ మీద భారం మాత్రం ఇసుమంతైనా తగ్గదు. గూగుల్ బిగ్‌క్వెరీ క్వెరీ ఫలితాలను సుమారు ఇరవై నాలుగు గంటలు తానే దాచి ఉంచుతుంది. అక్కడ కూడా క్వెరీలో `CURRENT_TIMESTAMP()` అని రాస్తే దాచిన ఫలితాన్ని వాడదు. మన పేజీకి మందు తేలికే. కీ తయారుచేసే ముందు సమయాన్ని నిమిషానికి కుదించాలి. ఇద్దరివీ `09:00:00` అయిపోతాయి. ముప్ఫై రోజుల లెక్కలో ఏడు సెకన్ల తేడా చార్టులో ఎవరి కంటికీ ఆనదు.

రెండో చిక్కు దీనికి సరిగ్గా ఎదురు. గుంటూరు మేనేజర్ తన బ్రాంచి అంకెలే చూడాలని కంపెనీ నియమం పెట్టిందనుకోండి. కీలో బ్రాంచి పేరు వేయడం మరిచిపోతే, ముందు ఎవరు తెరిస్తే వాళ్ల బ్రాంచి లెక్క మిగతా ముప్ఫై తొమ్మిది మందికీ కనిపిస్తుంది. పేజీ వేగంగా వస్తోందని అందరూ సంతోషిస్తారు, ఎవరో ఒకరు అంకెలు పోల్చుకునేదాకా బయటపడదు. బ్రాంచి పేరు కీలో వేస్తే లీకు ఆగుతుంది గానీ మళ్లీ నలభై క్వెరీలకు చేరతాం. నాకు నచ్చే పద్ధతి వేరు. బ్రాంచీలన్నిటి లెక్కనూ ఒకే క్వెరీతో ఒక్కసారి తెచ్చి ఒకే కీ కింద పెట్టి, మేనేజర్ అడిగినప్పుడు ఆయన వరుసను సర్వర్ దగ్గరే విడదీసి పంపాలి. సర్వర్ దగ్గరే అన్నది ముఖ్యం. నలభై వరుసలూ బ్రౌజర్‌కు పంపి అక్కడ ముప్ఫై తొమ్మిదిటిని కనపడకుండా చేస్తే, అది దాచినట్టు కాదు.

కీ కుదిరింది. ఇక నిమిషానికి ఒకే క్వెరీ నడవాలి కదా? నడవదు. అరవై సెకన్ల గడువు తీరి జవాబు మాయమైన క్షణం చూడండి. మొదట వచ్చినవారికి అది దొరకదు, డేటాబేస్‌ను అడుగుతారు. జవాబు రావడానికి నాలుగు సెకన్లు. ఆ లోపు వచ్చిన ప్రతివారికీ స్టోర్ ఖాళీగానే కనిపిస్తుంది, వాళ్లూ డేటాబేస్ మీదే పడతారు. నలభై మంది ముప్ఫై సెకన్లకోసారి అడిగితే నాలుగు సెకన్లలో సగటున ఐదుగురు వస్తారు, అది ఎలాగో తట్టుకోవచ్చు. పొద్దున తొమ్మిదింటికి అందరూ ఒక్కసారే తెరిస్తే నలభై క్వెరీలూ ఒకేసారి మొదలవుతాయి. ఒకదానికొకటి అడ్డుపడి నాలుగు సెకన్ల పని నలభై సెకన్లకు సాగుతుంది. ఆ నలభై సెకన్లలో మళ్లీ రిఫ్రెష్‌లు వచ్చి ఆ గుంపులో చేరతాయి. క్యాష్ ఉన్నా సరే, దాని అవసరం ఎక్కువగా ఉన్న వేళే అది చేతులెత్తేస్తుంది.

ఫేస్‌బుక్ ఇంజినీర్లు తమ మెమ్‌క్యాష్ వ్యవస్థ గురించి 2013లో రాసిన పరిశోధన పత్రంలో దీనికి చేసిన చికిత్సను అంకెలతో సహా చెప్పారు. జవాబు దొరకనప్పుడు అందరికీ డేటాబేస్‌కు వెళ్లే అనుమతి ఇవ్వకుండా, ఒక కీకి పది సెకన్లకు ఒక టోకెన్ మాత్రమే ఇచ్చారు. టోకెన్ అందినవారు వెళ్లి తెస్తారు, మిగతావారు కాసేపాగి మళ్లీ చూస్తారు. ఇలా గుంపుగా ఎగబడే కీలను ఎంచి గమనిస్తే, డేటాబేస్ మీద పడే క్వెరీల గరిష్ఠ వేగం సెకనుకు 17,000 నుంచి 1,300కు దిగింది.

మన పార్శిల్ సర్వీసుకు అంత హంగామా అక్కర్లేదు. రెడిస్‌లో ఒక్క ఆదేశం చాలు:

```
SET lock:late 1 NX EX 20
```

`NX` అంటే ఆ పేరుతో ఏదీ లేకపోతేనే రాయమని. నలభై మంది ఒకేసారి ఈ ఆదేశం పంపినా ఒక్కరికే ‘సరే’ అని వస్తుంది, డేటాబేస్ దగ్గరికి వెళ్లేది వారే. `EX 20` అంటే ఇరవై సెకన్లకు ఆ తాళం దానంతటదే ఊడిపోతుంది. ఇది లేకుండా రాస్తే, తాళం వేసిన ప్రాసెస్ మధ్యలో చచ్చిపోయిన రోజు ఆ చార్టు ఇక మారదు. క్వెరీ మామూలుగా తీసుకునే సమయం కన్నా ఈ గడువు బాగా ఎక్కువ ఉండాలి. లేదంటే మొదటి క్వెరీ ముగియకముందే రెండోది బయల్దేరుతుంది.

తాళం దొరకని ముప్ఫై తొమ్మిది మంది ఏం చేయాలి? వాళ్లను నాలుగు సెకన్లు నిలబెట్టడం కన్నా నిమిషం కిందటి జవాబే ఇచ్చేయడం నయం. అందుకు జవాబును అరవై సెకన్లకే చెరిపేయకుండా పది నిమిషాలు ఉంచి, లెక్కగట్టిన సమయాన్ని కూడా దానితోపాటే రాసిపెడతారు. అరవై సెకన్లు దాటిన జవాబు కనిపిస్తే ఒకరు కొత్తది తెచ్చే పనిలో ఉంటారు, మిగతావారికి పాతదే వెళుతుంది. ఆ సమయాన్ని చార్టు కింద ‘9:04 నాటి లెక్క’ అని చూపించాల్సిందే. అది లేని డాష్‌బోర్డు చూసి మేనేజర్ హెడ్డాఫీసుకు ఫోన్ చేస్తే, మాట్లాడుకునే ఇద్దరి ముందూ రెండు వేర్వేరు అంకెలుంటాయి.

తప్పుడు జవాబును దాచడం ఇంకో ప్రమాదం. క్వెరీ సమయం మించి ఆగిపోయినప్పుడు ప్రోగ్రాం దాన్ని ఖాళీ ఫలితంగా తీసుకుని స్టోర్‌లో పెట్టిందంటే, నలభై బ్రాంచీల్లోనూ ఆలస్యాలు సున్నా అని కనిపిస్తుంది. విఫలమైన క్వెరీని దాచకూడదు, పాత జవాబునే కొనసాగనివ్వాలి. ఇక ఇప్పుడు ఏ వ్యాన్ ఎక్కడుందో చూసి డ్రైవర్‌ను పంపే తెరకైతే ఈ ఏర్పాటే పనికిరాదు. అక్కడ నిమిషం పాత జవాబు తప్పు జవాబు. ఆ క్వెరీకి ఇండెక్స్ వేసి నేరుగా వేగం పెంచుకోవాలి.

ఇదంతా పెట్టాక పనిచేస్తోందో లేదో పేజీ వేగం చూసి తేల్చకండి, ఇద్దరు తెరిచి చూసినప్పుడు ఏ డాష్‌బోర్డయినా వేగంగానే ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌లో `pg_stat_statements` అనే ఎక్స్‌టెన్షన్ ఉంది. తేదీల వంటి విలువలను పక్కనపెట్టి, ఒకే రూపంలో ఉన్న క్వెరీలన్నిటినీ ఒక వరుసలో కలిపి, ఎన్నిసార్లు నడిచాయో `calls` అనే గడిలో చూపిస్తుంది. పది గంటలకోసారి, పదకొండుకోసారి ఆ అంకె రాసుకోండి. ఏ ఏర్పాటూ లేని రోజున మన చార్టు క్వెరీకి ఆ గంటలో నాలుగు వేల ఎనిమిది వందలు పెరిగేది. ఇప్పుడు అరవై దగ్గర పెరగాలి. రెండు మూడు వందలు పెరిగితే గడువు తీరినప్పుడల్లా గుంపు దూరుతోంది, తాళం చూసుకోవాలి. ఇంకా నాలుగు వేలే పెరుగుతుంటే కీలో ఎక్కడో సెకన్లు మిగిలిపోయాయి.