వారానికి అరకేజీ లెక్క

డైటింగ్ మొదలుపెట్టిన తొలి వారంలోనే మూడు కేజీలు తగ్గాననీ, రెండో వారం అరకేజీ దగ్గరే ఆగిపోయాననీ ఒక పాఠకుడు బెంగపడుతూ రాశారు. నిజానికి ఆయన దారిలో పడింది ఆ రెండో వారమే.

తొలి వారం పోయేది ఎక్కువగా నీరు. కాలేయంలోనూ కండరాల్లోనూ ఉండే గ్లైకోజెన్ ఒక్కో గ్రాముకు దాదాపు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి తగ్గగానే అది ఖర్చవుతుంది, నీరూ దాంతోపాటే పోతుంది.

అసలు తమాషా ఆ తర్వాతి లెక్కలో ఉంది. కేజీ కొవ్వు కణజాలంలో సుమారు 7,700 కేలరీలుంటాయి. కేజీ కండలో దాదాపు 1,800 మాత్రమే, ఎందుకంటే కండలో చాలా భాగం నీరే. 80 కేజీల మనిషి రోజూ 550 కేలరీలు తక్కువ తింటే వారానికి లోటు 3,850. అది మొత్తం కొవ్వు నుంచే వస్తే బరువు అరకేజీ తగ్గుతుంది. మొత్తం కండ నుంచే వస్తే రెండు కేజీలు దాటుతుంది! వాస్తవంలో రెండూ కలిసే కరుగుతాయి. కానీ కండ వాటా పెరిగినకొద్దీ వెయింగ్ మిషన్ మీద అంకె వేగంగా పడిపోతుంది, నష్టం కాస్తా విజయంలా కనిపిస్తుంది.

కేజీకి 7,700, అంటే పౌనుకు 3,500 కేలరీలన్న లెక్క 1958లో అమెరికన్ వైద్యుడు మాక్స్ విష్నోఫ్‌స్కీ వేసింది. కొవ్వు వరకు ఆ అంకె సరైనదే. పోయేదంతా కొవ్వేననీ, శరీరం ఖర్చు ఎన్నటికీ మారదనీ అనుకుని దాన్ని నెలల తరబడి సాగదీసినవాళ్లే పొరబడ్డారు. బరువు తగ్గేకొద్దీ ఖర్చూ తగ్గుతుంది, అదే తిండితో లోటు చిన్నదైపోతుంది.

మరి ఎంత వేగం మంచిది? 2011లో ఇనా గార్థే బృందం నార్వే క్రీడాకారులపై జరిపిన అధ్యయనాన్ని ప్రచురించింది. ఒక జట్టుకు వారానికి శరీర బరువులో 0.7 శాతం, మరో జట్టుకు 1.4 శాతం లక్ష్యం. రెండు జట్లూ వారానికి నాలుగు రోజులు బరువులెత్తాయి. చివరికి రెండూ దాదాపు ఒకే బరువు తగ్గాయి. నెమ్మదిగా తగ్గిన జట్టులో మాత్రం కొవ్వు ఎక్కువ కరిగింది, కండ సుమారు రెండు శాతం పెరిగింది కూడా. వేగంగా తగ్గిన జట్టులో కండ పెరగలేదు.

80 కేజీల మనిషికి 0.7 శాతమంటే వారానికి 560 గ్రాములు. 75 కేజీలకు దిగాక 525. రోజుకో అంకె చూసి కంగారుపడకుండా, పొద్దున్నే చూసిన బరువుల వారపు సగటును పోల్చుకోవాలి. నడుం కొలత తగ్గుతూ, వ్యాయామంలో ఎత్తే బరువు నిలకడగా ఉంటే కరుగుతున్నది ప్రధానంగా కొవ్వే. రెండు మూడు వారాలు వరసగా బలం పడిపోతుంటే లోటు తగ్గించుకోవాలి.

ఇక కండను కాపాడే ప్రొటీన్. కేజీ బరువుకు 1.2 నుంచి 1.6 గ్రాములు, అంటే 80 కేజీల మనిషికి రోజుకు కనీసం 96 గ్రాములు కావాలి. గుడ్డుకు ఆరు, వంద గ్రాముల పచ్చి కందిపప్పుకు సుమారు 22 గ్రాములు వస్తాయి. అన్నంలో గరిటెడు పప్పు వేసుకుని సరిపోయిందనుకోవడమే మన ఇళ్లలో వచ్చిన చిక్కు. కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం డాక్టరును అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు.