ముత్యాన్ని బెజ్జం దగ్గర చూడాలి

చార్మినార్ పక్క పత్తర్‌గట్టి దుకాణాల్లో ముత్యం అసలుదని నమ్మించడానికి కొందరు లైటర్ వెలిగించి దాని మీద మంట పెడతారు. ప్లాస్టిక్ పూస అయితే కరుగుతుంది. గాజుపూసకు మాత్రం ఏమీ కాదు. అందుకే ఆ పరీక్షను నేను లెక్కలోకి తీసుకోను. ముత్యాన్ని పంటి అంచుకు మెల్లగా రుద్దడం అంతకంటే మేలు. అసలుది సన్నని ఇసుకలా గరగరలాడుతుంది, నకిలీది సాధారణంగా నున్నగా జారుతుంది. ‘షెల్ పెర్ల్’ అన్న పేరు విని మోసపోవద్దు, అది గవ్వపొడికో చిప్పముక్కకో రంగుపూత వేసి చేసిన పూస.

పంటి పరీక్ష చెప్పేది అంతవరకే. సహజమైనదైనా, సాగు చేసినదైనా ఒకేలా గరగరలాడుతుంది, ఎందుకంటే రెండింటి పైపొర ఒకటే. దాన్ని నేకర్ అంటారు. ఆల్చిప్ప తన లోపలి గోడకు పూసుకునే పదార్థమే అది. నిజాముల కాలంలో పేరుపొందిన బస్రా ముత్యాలు పర్షియన్ గల్ఫ్‌లో వాటంతటవే పుట్టినవి. ఇప్పుడు అలాంటివి ఎక్కువగా పాత నగల్లోనే కనిపిస్తాయి. నేడు హైదరాబాద్‌లో అమ్ముడయ్యేవాటిలో ఎక్కువ భాగం చైనా మంచినీటి చెరువుల్లో సాగు చేసినవి. వాటిలో సాధారణంగా పూస పెట్టరు, మరో చిప్ప కణజాలం ముక్కను మాత్రమే నాటుతారు. కాబట్టి ముత్యం దాదాపు అంతా నేకరే.

జపాన్ అకోయా సంగతి వేరు. దాని లోపల గవ్వతో చేసిన గుండ్రటి పూస ఉంటుంది. 7 మిల్లీమీటర్ల ముత్యంలో 6 మిల్లీమీటర్ల పూస ఉంటే నేకర్ చుట్టూ అర మిల్లీమీటరు మందం ఉన్నట్టు. పూస 6.6 ఉంటే పొర 0.2 మాత్రమే. పైకి రెండూ ఒకే సైజు. పలచని పొర కొన్నేళ్లకు చెమటకు, సెంటుకు అరిగి బెజ్జం అంచున పెచ్చులూడుతుంది. భూతద్దంతో బెజ్జంలోకి చూస్తే పొరకూ పూసకూ మధ్య గీత కనిపిస్తుంది, మందం అక్కడే తెలుస్తుంది. గట్టి వెలుతురు కింద ముత్యాన్ని దొర్లించినప్పుడు లోపలి చారలు మెరిసి మాయమవుతుంటే పొర పలచనని అర్థం. నకిలీదైతే బెజ్జం చుట్టూ పూత గుట్టగా పేరుకుని ఉంటుంది, లేదా చిట్లి లోపలి గాజు కనిపిస్తుంది.

పొర మందంగా ఉన్నంత మాత్రాన మెరుపు వస్తుందనుకోవద్దు. అంతా నేకరే అయిన మంచినీటి ముత్యాల్లోనూ సుద్దముక్కలా వెలవెలబోయేవి ఉంటాయి. మెరుపు నేకర్‌లోని సూక్ష్మమైన పలకలు ఎంత సన్నగా, ఎంత వరుసగా పేరుకున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. నీరు చల్లబడితే ఆ పేరుకోవడం నెమ్మదిస్తుంది, పలకలు సన్నబడతాయి. జపాన్‌లో అకోయాను చలికాలంలో తీసేది అందుకే. దుకాణంలో దండను తెల్లగుడ్డ మీద పరిచి, పైనున్న దీపం ప్రతిబింబాన్ని ముత్యంలో చూడండి. దీపం అంచులు తేటగా కనిపిస్తే మేలైనది, పొగమంచులో వెలుగులా చెదిరిపోతే తక్కువ రకం. ఒక్క ముత్యం చూసి ఊరుకోకుండా దండంతా తిప్పి చూడాలి, అమ్మేవాళ్లు మెరిసేవాటిని ముందుకు గుచ్చుతారు.

‘సహజ ముత్యం’ అని భారీ ధర చెబితే మాత్రం కన్నూ పన్నూ చాలవు. సహజమైనదానికీ సాగు చేసినదానికీ లోపలి నిర్మాణంలోనే తేడా ఉంటుంది, దాన్ని చూపేది ఎక్స్‌రే. రత్నపరీక్ష ల్యాబ్ ధ్రువపత్రం లేకుండా ఆ ధర ఇవ్వకండి.